రత్నం గారికి నమస్కరించి వ్రాయునది

ముదినేపల్లిలో మా పెంకుటింటి వసారా గూట్లో పోస్టుకార్డుల కట్ట, సిరాబుడ్డి, వక్కపొడి డబ్బా ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేవి, ఏ కార్డు తీసినా సిరావాసనతో పాటు వక్కవాసనా వచ్చేది. తాతయ్యకి చూపు మందగించాక, ఆయన పడక్కుర్చీలోంచి చెబుతుంటే నేను రాసేవాణ్ణి. పైన నడిమధ్య ‘శ్రీరామ’, కుడిపక్క ఊరు, తేదీ, ఆ తర్వాతే మనిషి.

అన్నయ్య బందరు నోబుల్ కాలేజీలో చేరిన ఏడు, గది అద్దెకిస్తామని ఒక కార్డు వచ్చింది. కింద ‘కె. రత్నం’ అన్న సంతకం, అంతే. 1862లో బందరులో పుట్టిన రఘుపతి వెంకటరత్నం నాయుడు గారి పేరులోని రత్నమే మా వీధిలో ఇద్దరు ఆడవాళ్ల పేర్లలోనూ ఉండేది. జవాబు రాయడానికి కూర్చున్న నాకు కలం కదల్లేదు. మగవారైతే పేరుకి ముందు ‘మ.రా.శ్రీ’, మహారాజశ్రీ. ఆడవారైతే భర్త ఉన్నావిడకి ‘ల.సౌ.’, పోయినావిడకి ‘గం.భా.స.’, గంగాభాగీరథీ సమానురాలు. ఎంత గౌరవంగా వినిపించినా, ఆ మూడక్షరాలు ఆవిడ వైధవ్యాన్ని పోస్టుమాను దగ్గర్నుంచి పక్కింటివాళ్ల దాకా చెప్పేవి.

తాతయ్య కాసేపు వక్క నమిలి, “ముందు ఏమీ పెట్టకురా. రత్నం గారికి నమస్కరించి వ్రాయునది, అను. లోపల తమరు అని రాయి” అన్నారు. వచ్చాడంటే మగ, వచ్చిందంటే ఆడ, వచ్చారంటే ఎవరైనా కావచ్చు. ఆ కార్డంతా ఆ మూడోదాని మీదే నడిచింది. చివర అలవాటుగా ‘ఇంట్లో ఆడవారిని అడిగినట్టు చెప్పగలరు’ అని రాయబోతే ఆపి, ‘అందరినీ’ అని మార్పించారు. అక్కడే దొరికిపోయేవాళ్లం.

బందరు వెళితే తలుపు తీసింది రిటైరైన ఒక టీచరమ్మ, ఒంటరిగా ఉంటున్నారు. ఆవిడ గోడకున్న తీగకి గుచ్చిన కార్డుల్లో సగం మీద ‘గం.భా.స.’ కనబడింది. మాది వాటి మధ్యే ఉంది, రత్నం గారికి అని.

అంత జాగ్రత్త ఎరిగిన తాతయ్య గారు, కోతలకి పాలెం నుంచి వచ్చేవాళ్లని, తనకంటే పెద్దవాళ్లయినా, ఏకవచనంలోనే పిలిచేవారు. ఆ గూటిలోని మర్యాద కార్డు మీదికి వెళ్లింది గానీ కళ్లంలోకి దిగలేదు. అది తప్పే.

గం.భా.స. పోయింది, పోవలసిందే. 2022లో మా చిరునామాలోంచి కృష్ణాజిల్లా పోయి ఏలూరు జిల్లా వచ్చినట్టే, ఎవరూ తలవకుండా తమరు కూడా పోయింది. ఇప్పుడు ఫోను చేసినవాళ్లు పేరు చూసి సర్ అనో మేడమ్ అనో ఊహిస్తారు, తప్పితే క్షమాపణ చెబుతారు. ఊహించనక్కర్లేని మాట మన దగ్గర ఉంది. పేరు ఏదీ చెప్పనప్పుడు గారు అని రాయండి, వచ్చారు అని ముగించండి, ఈసారి కళ్లంలో ఉన్నవాళ్లకి కూడా.