తొమ్మిది వందల గేమ్

"అమ్మా, స్టీమ్‌లో రెండున్నర వేలున్న గేమ్ ఇంకోచోట తొమ్మిది వందలే!" అన్నాడు మావాడు. చీర బేరంలా అనిపించి నేనే కార్డు ఇచ్చాను. మెయిల్లో ఒక కీ వచ్చింది, పదిహేను అక్షరాలూ అంకెలూ. అది స్టీమ్‌లో కొడితే గేమ్ వాడి ఖాతాలో చేరింది.

మూడు వారాలు ఆడాడు. ఓ ఆదివారం చూస్తే గేమ్ లేదు! గేమ్ కంపెనీకి రాస్తే, ఎవరో దొంగ కార్డుతో కొన్న కీ అదనీ, కార్డు అసలు యజమాని డబ్బు వెనక్కి తీసుకోవడంతో రద్దు చేశామనీ జవాబిచ్చారు. స్టీమ్ వాపసు ఇవ్వదు, మనం వాళ్ళ దగ్గర కొనలేదుగా. అమ్మినవాడు అయిపు లేడు.

కీని చూసి మంచిదో కాదో చెప్పలేమట. చూడాల్సింది అమ్మేవాణ్ణి. నేను కొన్నచోటు దుకాణం కాదు, సంత. ధర పక్కనే ఎవరిదో ముక్కూమొహం తెలియని పేరుంది, నేనే చూడలేదు. హంబుల్, ఫెనాటికల్ లాంటివి కంపెనీల దగ్గరే కీలు తెచ్చి అమ్ముతాయి.

మొన్న మళ్ళీ ఇంకో చవక కీ చూపించాడు. ఈసారి కింద చిన్నక్షరాలు చదివాను. ఏ దేశాల్లో పనిచేస్తుందో రాసిన జాబితాలో ఇండియా లేదు. అలాంటిది ఇక్కడ కొడితే, ఈ దేశంలో కుదరదని స్టీమ్ తిప్పికొడుతుంది. కీ ఖర్చవదు కానీ మనకి పనికిరాదు.

వేసవి సేల్ దాకా ఆగి, స్టీమ్‌లోనే సగం ధరకి కొన్నాం. ఇప్పుడు నేను ఫోన్‌లో కుక్కర్ గాస్కెట్ కొంటున్నా, "అమ్మేదెవరో చూశావా అమ్మా?" అంటున్నాడు.