నీలిగోడ తరుముకొస్తే

మీ ఇంట్లో కుర్రాడు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని "బ్రిడ్జ్ మీద ఉన్నార్రా, బోట్ చూడండ్రా" అని కేకలేస్తుంటే కంగారు పడకండి. బీజీఎంఐలో ఎరాంగెల్ మ్యాప్ ఆడుతున్నాడన్నమాట. ఎనిమిది కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న మ్యాప్ అది. అందులోకి వంద మంది దూకుతారు. చివరికి బతికున్న ఒక్కడో, ఒక్క జట్టో గెలుస్తుంది. చూసేవాళ్లకి ఇదంతా తుపాకుల గోలే. కానీ ఆ కేకల్లో సగం భూగోళం, సగం గడియారం.

మొదట విమానం. అది ఏ దారిన పోతుందో మ్యాప్ మీద గీతలా కనబడుతుంది. గీత కిందే ఉన్న పేరున్న ఊళ్లలో, అంటే పోచింకీ, స్కూల్, మిలిటరీ బేస్ లాంటి చోట్ల, జనం ఈగల్లా ముసురుతారు. సరుకు బాగా దొరికేదీ అక్కడే, రెండు నిమిషాల్లో చచ్చేదీ అక్కడే. కాస్త అనుభవం ఉన్నవాళ్లు గీతకు దూరంగా ఉన్న ఊరు చూసుకుంటారు. దూకాక తల కిందికి పెట్టి నిట్టనిలువుగా పడితే గంటకు 234 కిలోమీటర్ల వేగం వస్తుంది. ముందు దిగినవాడికే ముందు తుపాకీ. అందుకే పారాచూట్ ముందే విప్పుకుని గాల్లో తేలుతూ చుట్టూ చూసేవాడి మీద నాకు జాలి.

సరే, మనవాళ్లు నలుగురూ రోజోక్‌లో దిగారనుకుందాం. మొదట ఏం ఏరుకోవాలి? ఏ తుపాకీ దొరికితే అది. తలుపు దగ్గర షాట్‌గన్ ఉంటే, పక్కింట్లో ఎం416 ఉంటుందేమోనని వెతకడం శుద్ధ దండగ. ఇంట్లోకి ఎవడో వచ్చినప్పుడు చేతిలో ఉన్నదే పనికొస్తుంది. తర్వాత వెస్ట్, హెల్మెట్. రెండో లెవెల్ వెస్ట్ తగిలిన దెబ్బలో నలభై శాతం ఆపుతుంది, మొదటిది ముప్పై. ఆ తర్వాతే బ్యాగు, మందులు. ఫస్ట్ ఎయిడ్ కిట్ ప్రాణాన్ని 75 శాతం దాకానే తెస్తుంది. మిగతాది ఎనర్జీ డ్రింకులూ పెయిన్‌కిల్లర్లూ మెల్లగా పూరిస్తాయి. కొత్తవాళ్లు ఇవి వదిలేసి బుల్లెట్లు మోస్తారు, అదీ తమ తుపాకీకి సరిపోనివి. ఏకేఎంకి 7.62, ఎం416కి 5.56. వాటికి ఇవి పట్టవు, వీటికి అవి పట్టవు. నన్నడిగితే ప్రతి ఒక్కడి దగ్గరా రెండు మూడు స్మోక్ గ్రెనేడ్లు ఉండాలి. ఎందుకో ఇప్పుడే చెబుతా.

ఇంతలో మ్యాప్ మీద తెల్ల వలయం పడింది. మిలిటరీ బేస్ మీద! ఇక చూడండి తమాషా. ఆ బేస్ ఉన్నది దక్షిణాన విడిగా ఉన్న దీవిలో. ప్రధాన భూభాగం నుంచి అక్కడికి రెండే వంతెనలు. మనవాళ్లేమో ఉత్తరాన, కిలోమీటర్ల దూరంలో ఉన్నారు. కొన్ని నిమిషాల గడువు తర్వాత నీలిగోడ కదులుతుంది, వలయం బయట ఉన్నవాళ్ల ప్రాణం కొద్దికొద్దిగా తింటుంది. మొదటి గోడ మరీ క్రూరం కాదు, డ్రింకులు తాగుతూ కాసేపు తట్టుకోవచ్చు. ఆఖరి వలయాల్లోనిది క్షణాల్లో చంపుతుంది.

వంతెన అవతల ముందే చేరిన జట్టు ఒకటి మాటు వేసి ఉంటుంది. రోడ్డుకు అడ్డంగా కార్లు నిలిపి ఉన్నాయంటే అది కాకతాళీయం కాదు. అటు నుంచి ఒక్క తూటా పేలకపోయినా నమ్మకండి, మీరు సగం దాటేదాకా ఆగుతారు. అప్పుడే ఆ స్మోక్‌లు కావాలి. కారు పేలిందంటే పొగ వేసుకుని దాని చాటున నక్కడం తప్ప దారి లేదు. ఈదితే? ఈదేవాడు తుపాకీ పేల్చలేడు, నీళ్లలో మునిగినా ఊపిరి ఎంతోసేపు ఆగదు. ఫెర్రీ పియర్ దగ్గర పడవ దొరికితే మేలు, మాటు లేని ఒడ్డు చూసుకుని ఎక్కవచ్చు. అన్నిటికంటే మేలైనది ఇంకోటుంది: రోజోక్‌లో మూడో ఇల్లు వెతకడం మానేసి, వలయం పడగానే కారెక్కడం. మాటు వేసేవాళ్లకంటే ముందు వంతెన దాటితే, అసలు కాల్పులే ఉండవు.

దాటాక వలయం మధ్యకి పరుగెత్తనక్కర్లేదు. అంచునే ఉండి, నీలిగోడను వీపు వెనక పెట్టుకుంటే, ఆ వైపు నుంచి వచ్చేవాళ్లు తక్కువ. తర్వాతి వలయం ఇప్పటి వలయంలోపలే ఎక్కడో పడుతుంది, సరిగ్గా నడుమనే పడాలని లేదు. మీ అంచుకు దూరంగా పడితే మళ్లీ గడ్డిలో పాకాల్సిందే.

ఇక మీకో మాట. ఈ ఆటను మధ్యలో ఆపే బొత్తం లేదు. వంతెన మీద ఉన్నవాణ్ణి అన్నానికి పిలిస్తే రాడు, వస్తే మిగతా ముగ్గురూ తిడతారు. ఎరాంగెల్‌లో ఒక మ్యాచ్ అరగంటలో తేలిపోతుంది. వాడు విమానం ఎక్కకముందే పిలవండి.