మక్కా మసీదులో జుమ్మా వేళ

హైదరాబాదు నగరమున చార్మినారు దాటి నైరుతి మూలకు నాలుగడుగులు వేసినంతనే కన్పట్టు మక్కా మసీదును నేను పూర్వము పలుమారులు చూచియుంటిని గాని, అవి యన్నియు రాతికమానులను, మీనారులను చూచి మెచ్చుకొని మరలివచ్చు బాటసారి చూపులే. మహమ్మదు కుతుబ్‌షా కాలమున పునాది పడి, గోలకొండ రాజ్యమే అంతరించిన పిమ్మట ఔరంగజేబు ఏలుబడిలో 1694లో పని ముగిసిన ఆ కట్టడము ఏ కార్యమునకై అంత విశాలముగా నిర్మింపబడినదో, ఆ కార్యమును చూడవలెనన్న శుక్రవారము మధ్యాహ్నము పోవలెను. విశ్రాంత పారశీక భాషాధ్యాపకులగు ఒక మిత్రుడు నన్ను వెంటబెట్టుకొనిపోవుటకు సంతోషముతో అంగీకరించిరి.

మేము పోవునప్పటికి ఎండ ఇంకను నడినెత్తికి రాలేదు. ముంగిటనున్న నీటితొట్టి చుట్టును కూర్చుండి జనులు వజూ చేయుచుండిరి. ముంజేతులు మోచేతులవరకు, ముఖము, పాదములు కడుగుకొని, తడిచేతితో తల తుడుచుకొనుట ప్రతి నమాజుకును ఉన్నదే. కాని నాడు వచ్చినవారిలో పెక్కుమంది ఇంటియొద్దనే తలస్నానము చేసి, ఉతికిన బట్టలు కట్టి, అత్తరు పూసికొని వచ్చినట్లు గాలియే చెప్పుచుండెను. శుక్రవారపు స్నానము ప్రవక్త ఉపదేశమట. అసఫ్‌జాహీ ప్రభువుల సమాధులున్న ప్రక్కన, వరుసలకు అడ్డము రాని నీడపట్టున నన్ను కూర్చుండబెట్టి మిత్రుడు ముందుగానే ఒక మాట చెప్పెను. "పంతులుగారూ, మీరు అడగదలచినదంతా ఇప్పుడే అడగండి. ఇమాముగారు మింబరెక్కిన తర్వాత నేను నోరు విప్పను, విప్పకూడదు."

ఆ అవకాశమును విడువక నేను మొదట అడిగినది, ఈ నమాజు దినదినమును చేయు మధ్యాహ్నపు నమాజుకంటె ఏ విధమున వేరన్నది. ఆయన వ్రేళ్లు మడచుచు చెప్పసాగెను. తక్కిన దినములలో ఈ వేళకు చేయవలసిన జుహర్ నమాజులో విధిగా చేయవలసినవి నాలుగు రకాతులు. అందు ఖురాను పఠనము పెదవులలోనే సాగును. శుక్రవారమున ఆ నాలుగింటి స్థానమున రెండే రకాతులు. వానిలో ఇమాము ఖురానును అందరికిని వినబడునట్లు బిగ్గరగా పఠించును. నమాజుకు ముందు రెండు ఖుత్బాలు, అనగా రెండు భాగముల ధర్మప్రసంగము, ఉండితీరవలెను. పండుగ నమాజులోను ఖుత్బా కలదు గాని, అది నమాజు ముగిసిన పిమ్మట వచ్చును. ఏ కారణముననైనను అది లేకపోయినను పండుగ నమాజు చెల్లును. జుమ్మాకు ఖుత్బాయే ఒక అంగము. అది జరుగనిచో జుమ్మా లేదు, అందరును జుహర్ నాలుగు రకాతులు చేసికొని పోవలసినదే. అన్నిటికంటె ముఖ్యమైన భేదమొకటి కలదు: ఐదుపూటల నమాజులను ఇంట ఒంటరిగానైనను చేసికొనవచ్చును, వేళ తప్పినచో తరువాత తీర్చుకొనవచ్చును, జుమ్మాను ఒంటరిగా చేయరాదు, తప్పినదానిని జుమ్మాగా తీర్చుకొనుటయు లేదు.

ఇంతలో మొదటి అజాను వినవచ్చెను. "విన్నారా, ఇలాటిదే ఇంకొకటి వినబడుతుంది. ప్రవక్త కాలంలో ఇమాము మింబరుమీద కూర్చున్న తర్వాత పిలిచే అజాను ఒక్కటే ఉండేది. మూడవ ఖలీఫా ఉస్మాను కాలానికి మదీనాలో జనం పెరిగారు. ముందుగా తెలియాలని అక్కడి బజారులో, జౌరా అనే చోట, ఇంకొక పిలుపు పెట్టించారు. అదే ఇప్పుడు మీరు విన్నది" అని ఆయన విశదపరచెను. పిలుపు బజారులో మొదలగుటలో ఔచిత్యమున్నది. ఏలయన, జుమ్మా పిలుపు వినబడినంతనే క్రయవిక్రయములను విడిచి దైవస్మరణకు త్వరపడుడని ఖురాను 62వ అధ్యాయమున ఆజ్ఞ కలదు. అదే అధ్యాయపు చివర, వర్తకపు బిడారు ఒకటి ఊరు చేరిన సందడి విని, నిలిచి ప్రసంగించుచున్న ప్రవక్తను విడిచి జనులు దానివైపు పరుగిడిన ముచ్చటయు మందలింపుగా చెప్పబడినది.

ఎవరెవరు విధిగా రావలెనన్న ప్రశ్నకు ఆయన జాబితా చదువక, కనుచూపు మేరలోని మనుష్యులనే చూపెను. ఊరిలో కాపురమున్న, ఆరోగ్యవంతుడైన, వయసు వచ్చిన, మతిస్థిమితము గల పురుషునకు ఇది తప్పనిసరి. తండ్రి వ్రేలు పట్టుకొని వచ్చిన ఆరేండ్ల బాలునకు విధి లేదు. స్త్రీలకు, రోగులకు, ప్రయాణమున నున్నవారికిని లేదు. కాని విధి లేనంతమాత్రమున అర్హత లేదని కాదు. వారిలో ఎవరు వచ్చి జుమ్మా చేసినను అది చెల్లును, ఆనాటి జుహర్ వారు మరల చేయనక్కరలేదు. తొట్టి గట్టున మూట పెట్టుకొని కాళ్లు కడుగుకొనుచున్న ఒక పొరుగూరి వర్తకుని చూపి, "అతను పదిహేను రోజులకు తక్కువ ఉండే ఉద్దేశంతో దూరదేశం నుంచి వచ్చినవాడైతే మా హనఫీ శాస్త్రంలో అతను ప్రయాణికుడే. బసలోనే జుహర్ చేసుకుంటే తప్పు పట్టేవారు లేరు. అయినా వచ్చాడు" అనెను.

జుమ్మా ఎక్కడ జరుగవచ్చును, ఎందరుండవలెను అనుటయందు శాస్త్రకారులలో భేదములు పెక్కు. హనఫీలు ఇమాము గాక ముగ్గురు చాలుననగా, షాఫయీలు స్థిరనివాసులగు పురుషులు నలుబదిమంది ఉండవలెనందురు. హనఫీలకు సంఖ్య చిన్నదే గాని స్థలనియమము పెద్దది. జుమ్మాకు పట్టణమో, పట్టణమువంటి పెద్ద గ్రామమో కావలెను. "మా తాతగారిది చిన్న పల్లె. అక్కడి మసీదులో శుక్రవారం కూడా జుహరే. ఆయన మాత్రం పొద్దున్నే బయలుదేరి పట్నానికి నడిచి వచ్చేవారు" అని మిత్రుడు చెప్పెను. పాలకుని అనుమతియు ఆ శాస్త్రమున ఒక నియమమే. అందుచేతనే ఆంగ్లేయుల ఏలుబడిలో ఈ ప్రశ్న వట్టి పాండిత్యవాదము కాక నిత్యజీవితపు చిక్కైనది. తూర్పు వంగదేశమున హాజీ షరీఅతుల్లా అనుచరులగు ఫరాయిజీలు ముస్లిము పాలకుడు లేనిచోట జుమ్మా చెల్లదని మానివేసిరి; ఇతరులు కొందరు జుమ్మా చేసియు, నియమములు పూర్తియైనవో లేదో అన్న సందేహముచేత, ముందుజాగ్రత్తగా జుహర్ నాలుగు రకాతులు గూడ చేయుచుండిరి.

ఖుత్బాకు ముందుగా ఉర్దూలో సాగిన ఉపన్యాసము ముగిసి, జనులు ఎవరికివారు నాలుగు రకాతుల సున్నత్ నమాజు చేసికొనిన పిమ్మట ఇమాము మింబరుపై ఆసీనుడయ్యెను. ఆయన యెదుట రెండవ అజాను పలుకబడెను. నా మిత్రుడు అప్పటికే వరుసలో కలసియుండెను. ఇమాము లేచి నిలిచి అరబ్బీలో మొదటి ఖుత్బా నారంభించెను. అందలి విషయమును తరువాత తెలిసికొంటిని: దైవస్తుతి, ప్రవక్తపై దరూదు, దైవభీతితో నడువుడన్న హితవు, ఖురాను వాక్యము, విశ్వాసులకొరకు ప్రార్థన. షాఫయీలు ఈ యైదింటిలో ఏది లోపించినను ఖుత్బా చెల్లదందురు. అబూహనీఫా మతమున దైవస్మరణ ఉన్న చాలును, తక్కినవి పూర్ణత్వమునకు. మొదటి భాగము ముగించి ఆయన కొలదిసేపు మౌనముగా కూర్చుండి, మరల లేచి రెండవది చదివెను. ఆ నడిమి కూర్చుండుటయే ఒకటిని రెండుగా చేయునది.

ఆ సమయమున నా కన్నుల ముందర జరిగిన చిన్న సంగతి యొకటి ఈ సభానియమమును చక్కగా తెలిపినది. ఇందాకటి బాలుడు తండ్రి చెవిలో ఏదియో గొణుగనారంభించెను. తండ్రి పలుకలేదు, ప్రక్కనున్న ముదుసలియు పలుకలేదు. ముదుసలి తన చూపుడువ్రేలు పెదవులపై నుంచి చూపెను, అంతే. ప్రక్కవానిని "ఊరకుండు" మనుటయు వ్యర్థభాషణమే యగునని ప్రవక్త వచనమట. ఆలస్యముగా వచ్చినవారు కూర్చున్నవారి భుజములమీదుగా దాటుకొని ముందుకు పోవుటయు అట్లే నిషిద్ధము. ఖాళీ దొరకినచోటనే ఒదిగిపోవలెను.

పూర్వము ఖుత్బాలో ఏలికపేరు తలచుట, నాణెముపై పేరు వేయించుటతో సమానమైన రాజలాంఛనము. గోలకొండలో ఈరాను షాహ పేరు తలచుచుండగా, 1636లో షాజహాను ఒత్తిడికి లొంగిన అబ్దుల్లా కుతుబ్‌షా ఆ పేరు తీసివేసి, నలుగురు ఖలీఫాల పేరులను, మొగలు చక్రవర్తి పేరును చదివించుటకు సమ్మతించెను. ఈ మసీదు గోడలు లేచుచున్న రోజులలోనే, యుద్ధమున రాజ్యము పోకముందే, దాని స్వాతంత్ర్యము మింబరుమీద పోయినది.

రెండవ ఖుత్బా ముగియగనే అందరును లేచి వరుసలు దిద్దుకొనిరి; రెండు రకాతులు ముగియుటకు ఎక్కువసేపు పట్టలేదు. కాని నేను వాకిలివైపు కన్నుంచి ఆలస్యముగా వచ్చినవారిని గమనించుచుంటిని. రెండవ రకాతు నిలుచుండి చేయువేళ ఒకడు వచ్చి కలిసెను; ఇమాము సలాము చెప్పి ముగించినను అతడు లేచి ఒక రకాతు పూర్తిచేసికొనెను. ఇంకొకడు చివర కూర్చుండువేళకు గాని అందలేదు. అతడు లేచి రెండు చేసెను. మూడవవాడు వజూ ముగించునప్పటికి అంతయు అయిపోయినది. అతడొక మూల నిలిచి నాలుగు రకాతులు చేసికొనెను. మిత్రుడు వచ్చి వివరించెను: "మొదటివాడికి జుమ్మా దొరికింది, అందులో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. రెండవవాడికి కూడా అబూహనీఫాగారి మాట ప్రకారం దొరికినట్టే. షాఫయీ అయివుంటే జుహరుగా నాలుగు చేయవలసి వచ్చేది. మూడవవాడికి జుమ్మా లేదు. మళ్లీ శుక్రవారమే."

మేము బయటికి వచ్చునప్పటికి లాడ్‌బజారులో దుకాణదారులు తలుపులు తెరచుచుండిరి. "ఇది మీకు సెలవురోజు కాదా?" అని అడిగితిని. సెలవు దొరలిచ్చునది గాని ధర్మమిచ్చునది కాదని ఆయన బదులు. యూదుల శనివారమువలె జుమ్మా పని మానవలసిన దినము కాదు. నమాజు ముగిసినంతనే భూమిపై వ్యాపించి దైవానుగ్రహమును వెదకుకొనుడని, వ్యాపారము మానుమన్న వాక్యమునకు వెంటనే తరువాతి వాక్యము చెప్పుచున్నది. నిషేధమెల్ల పిలుపునకును సలామునకును నడుమనే. ఆ నడుమ విధిగలవాడు చేసిన బేరము సంగతి యేమని అడుగగా, హనఫీ మతమున అది పాపమే యైనను బేరము నిలుచునని, హంబలీ మతమున బేరమే చెల్లదని చెప్పి, ఆయన తమ మనుమరాలికి గాజులు కొనుటకై ఎదుటి దుకాణమెక్కెను.