ఆక్షేపానికీ సమాధానానికీ నడుమ

తర్కసంగ్రహం చిన్న గ్రంథం. దానిని రచించిన అన్నంభట్టు పదునేడవ శతాబ్దికి చెందిన ఆంధ్రుడు. ప్రారంభదశలోని విద్యార్థుల కొఱకే దానిని వ్రాసి, తానే దీపిక అను వ్యాఖ్యను కూడ అనుగ్రహించినాడు. గ్రంథం చిన్నదగుటయే కొందఱికి చిక్కు తెచ్చిపెట్టుచున్నది. కొద్ది పుటలున్నవి కనుక కొద్ది దినములు చాలునని తోచును. నేడు దానిపై పండితుల పాఠములు దృశ్యరూపమున లభించుచున్నవి. వేగమును పెంచుకొను సదుపాయము కూడ ఆ తెరమీదనే కలదు.

ఉద్యోగవిరమణ చేసిన ఒక గృహస్థునకు శాంకరభాష్యము చదువవలెనని చిరకాలవాంఛ. ముందు తర్కపరిచయము కావలెనని పెద్దలు చెప్పగా, ఆయన 40 పాఠముల దృశ్యమాల నొకదానిని ఎంచుకొన్నారు. ఒక్కొక్క పాఠము సుమారు 50 నిమిషములు. 2x వేగమున దినమునకు రెండు చొప్పున 20 దినములలో ముగించినారు. తదుపరి భాష్యపాఠము చెప్పుమని సమీపమునందలి ఒక శాస్త్రిగారి నాశ్రయించినారు.

శాస్త్రిగారు అడిగినది ఒక్కటే. "పృథివికి లక్షణమేమండీ?"

"గంధము కలది పృథివి."

"మంచిది. మీ గుమ్మము ముందున్న ఱాతికి వాసన ఏది? అది పృథివి కాదా?"

గృహస్థు మిన్నకున్నారు. కొంతసేపటికి, "ఇది పాఠములో విన్నట్లే ఉన్నది, శాస్త్రిగారూ" అన్నారు.

"విన్నారండీ, సందేహము లేదు" అని శాస్త్రిగారు అంతటితో ఆపినారు.

ఆ మాట పరిహాసము కాదు. ఆయన నిజముగనే విన్నారు. ఱాతి ప్రస్తావన పాఠములో స్పష్టముగ నున్నది. అయితే ఆయనకు కలిగినది శాబ్దబోధ కాదు, ప్రత్యభిజ్ఞ. వెనుక చూచిన దేవదత్తుని మరల చూచి "ఆతడే ఈతడు" అనుకొనుట ప్రత్యభిజ్ఞ. ఆ దేవదత్తుని గుణశీలము లెట్టివో దానివలన తెలియవు. వేగముగ వినుచున్నప్పుడు "అవ్యాప్తి, అతివ్యాప్తి, జాతి" అను పదములు మాటిమాటికి చెవిని పడును. పడిన ప్రతిసారి "ఇది నాకు తెలిసినదే" అను వృత్తి పుట్టును. ఆ వృత్తి సుఖముగ నుండుటచేత దానినే జ్ఞానమని భ్రమించుట సులభము.

వేగముచేత పోయినది మరియొకటి కలదు. ఆచార్యుడు ఆక్షేపమును పూర్తిచేసి ఒక క్షణము ఊరకుండును. ఎదుట కూర్చున్న శిష్యులు తమలో తాము వెదకుకొనుట కిచ్చిన అవకాశమది. సంస్కృతవ్యాఖ్యలలో "ఇతి చేత్" అను మాటకును, వెంటనే వచ్చు "న" అను నిషేధమునకును మధ్యనున్న సందు అదియే. రెట్టింపు వేగమున ఆ సందు మూసికొనిపోవును. అప్పుడు ప్రశ్న పుట్టకమునుపే సమాధానము వచ్చి కూర్చుండును.

కనుక రెండవసారి ఆయన మొదటినుండి ఆరంభించినప్పుడు, శాస్త్రిగారు చెప్పిన నియమము ఇంతే: ఆక్షేపవాక్యము ముగిసిన చోట దృశ్యమును నిలుపవలెను, తనకు తోచిన సమాధానము వ్రాయవలెను, పిదప మాత్రమే కొనసాగించవలెను. వాక్యమధ్యమున నిలుపరాదు. పదముల నడుమ ఎడము పెరిగిన సన్నిధి చెడునని ఆ తర్కసంగ్రహమే చెప్పుచున్నది కదా.

పృథివీలక్షణపాఠము ఇట్లు సాగినది. ఆచార్యుడు లక్షణము చెప్పగనే గృహస్థు నిలిపి, పుస్తకములో నిమిషసంఖ్య వేసి రెండు ప్రశ్నలు వ్రాసినారు. ఱాతియందు గంధము లేదు కనుక లక్షణము దానికి అందలేదా? ఇది అవ్యాప్తి. పన్నీటియందు గంధమున్నది కనుక లక్షణము నీటికి కూడ పోయినదా? ఇది అతివ్యాప్తి.

నీటి విషయమున ఆయన వ్రాసిన సమాధానము "ఆ వాసన పూవుది" అని. కొనసాగించగా ఆచార్యుడును అదియే చెప్పి, హేతువును చేర్చినారు. పార్థివాంశము కలిసినచోట గంధము తోచుచున్నది, కలియనిచోట తోచుట లేదు. ఈ అన్వయవ్యతిరేకములచేత ఆ గంధము పృథివిదే.

ఱాతి విషయమున ఆయన "వాసన సూక్ష్మముగ నుండును" అని వ్రాసినారు. ఆచార్యుని సమాధానము వేఱు. ఱాతిని కాల్చగా వచ్చిన భస్మమునందు గంధము తెలియుచున్నది. ఆ భస్మమునకును ఱాతికిని ఉపాదానమైన పరమాణువులు ఒక్కటే. కనుక ఱాతియందును గంధమున్నది, అనుభవమునకు వచ్చునంత ఉత్కటముగ లేదు. తాను వ్రాసినది తప్పు కాకపోయినను దానికి ప్రమాణము లేదని ఆయనకు అప్పుడు తెలిసినది. ముందుగ కాగితముపై పెట్టి యుండనిచో, "నేననుకొన్నదే చెప్పినారు" అని సంతోషించి ముందుకు పోయెడివారు.

మూడవ ఆక్షేపము కఠినము. ద్రవ్యము తన గుణములకు సమవాయికారణము. కారణము కార్యమునకు ముందుండవలెను. కనుక పుట్టిన మొదటి క్షణమున కుండకు గంధము లేదు. ఆ మఱుక్షణముననే నశించిన కుండ యొకటి ఉన్నచో, దానికి గంధమన్నది ఎన్నడును లేదు. మరి అది పృథివి ఎట్లగును? ఇచ్చట ఆయన "తెలియదు" అని వ్రాసి నిలిపినారు. మూడు దినములు ఆ పుటయే తెఱచియుంచినారు.

సమాధానము: గంధముతో ఒకే ఆశ్రయమున నుండునదియు, ద్రవ్యత్వముకన్న తక్కువ వ్యాప్తి కలదియు నగు జాతి ఏదో, అది కలది పృథివి. ఆ జాతి పృథివీత్వము. క్షణములో నశించిన కుండకు గంధము లేకపోయినను ఆ జాతి ఉన్నది. ఆయన ఇక్కడ మరల నిలిపి, పదకృత్యము తామే చేసిరి. అనగా ఒక్కొక్క పదమును తొలగించి ఏ దోషము వచ్చునో చూచుట. "ద్రవ్యత్వముకన్న తక్కువ" అను మాట తీసివేసిన, ద్రవ్యత్వమును గంధముతో కూడ ఉండునదే కనుక, లక్షణము నీటికి పోవును. "గంధముతో" అను మాట తీసివేసిన జలత్వమును పట్టుకొని అదే దోషము వచ్చును. ఇది ఏ పాఠములోను విననవసరము లేకయే తేలినది.

ఆచార్యుని ప్రతివాక్యమును వ్రాసికొనుటయు ఆయన కొన్నాళ్లు చేసి మానుకొన్నారు. చేయి కదలుచున్నంతసేపు బుద్ధి నిద్రించుచున్నదట. వేగమును పూర్తిగ విడువలేదు. ఒకసారి ఇట్లు చదివిన పాఠమును మరునాడు 1.5x వేగమున విని ఆవృత్తి చేసికొనెడివారు. సంత చెప్పించుకొను వేదపాఠములో ఈ జాగ్రత్త వేఱుగ చెప్పనక్కఱ లేదు. గురువు ఒకసారి పలికిన దానిని శిష్యుడు రెండుసార్లు పలుకవలెను గనుక, ఆపకతప్పదు.

ప్రశ్నలలో పెక్కు తరువాతి పాఠములలోనే తీరినవి. వాటిని ఆయన కొట్టివేసినారు. ఐదు నెలలకు పదునొకండవ పాఠము ముగియునప్పటికి ఏడు మిగిలినవి. వాటిని తీసికొని మరల శాస్త్రిగారి వద్దకు వెళ్లినారు. అందొకటి ఇది: దూరముననున్న పూవు వాసన పార్థివాంశములతోనే వచ్చుచున్నచో, ఆ పూవు తరిగిపోవలెను కదా?

శాస్త్రిగారు ఆ పుటను రెండుసార్లు చదివి, "ఈ ప్రశ్న శారీరకభాష్యములో రెండవ అధ్యాయము మూడవ పాదమున, జీవుడు అణువా అను విచారములో వచ్చునండీ" అని లేచి, లోపలినుండి ఆ సంపుటమును తెచ్చినారు.