గడువు దాకా

మా అమ్మాయి పైచదువుకి 2025 వేసవిలో 6 లక్షలు కావాలి. చేతిలో ఉన్నవి 5. ఇదీ 2021 నవంబరులో మా ఇంటి లెక్క.

బ్యాంకులో పనిచేసి రిటైరైన మా బావగారు ఒక ఉపాయం చెప్పారు. టార్గెట్ మెచ్యూరిటీ ఫండుట. ఆయన చూపించిన ఫండు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల బాండ్లే కొంటుంది. అన్నీ 2025 ఏప్రిల్‌లోగా గడువు తీరేవే. ఆ నెలలో ఫండు కొట్టు కట్టేసి, ఎవరి డబ్బు వాళ్లకి పంచేస్తుంది.

"కొన్ననాడు యీల్డు ఎంతుందో చూసుకో. గడువుదాకా కదపకపోతే అటూ ఇటూగా అంతే వస్తుంది" అన్నారు. అప్పుడు యీల్డు 5.5 శాతం. ఆ లెక్కన 5 లక్షలు గడువునాటికి 6 లక్షలవుతాయి. అతికినట్టు సరిపోయింది.

అంతటితో ఊరుకుంటే నేనెందుకవుతాను? రోజూ కాఫీతోబాటు ఫండు విలువ చూడటం మొదలుపెట్టాను. 2022 మే నెలలో రిజర్వు బ్యాంకు రెపో రేటు పెంచింది. జూన్ కల్లా నా 5 లక్షలు కాస్తా 4,96,000 అయ్యాయి. వడ్డీ మాట దేవుడెరుగు, అసలుకే కన్నం! "ఇప్పుడే అమ్మేయండి" అంది మా ఆవిడ. నేను పరుగున బావగారింటికి వెళ్లాను.

ఆయన తాపీగా ఒక శుభలేఖ వెనక లెక్క వేశారు. "నీ 100 రూపాయల బాండు ఏటా అయిదున్నర ఇస్తుంది. ఇంకా మూడేళ్లుంది. కొత్తవి 7 ఇస్తున్నాయి. మరి నీది 100 పెట్టి ఎవడు కొంటాడు? ఏటా వాడికి తగ్గే రూపాయిన్నర నువ్వు ధరలో సర్దాలి. అందుకే 96. అయితే ఆ 96 అమ్మేవాడికే. గడువుదాకా ఆగినవాడికి ప్రభుత్వం ఇచ్చేది 100. రోజులు గడిచేకొద్దీ 96 తనంతట తానే 100 వైపు పాకుతుంది."

"రేట్లు తగ్గితేనో?"

"104కి ఎగురుతుంది. సంబరపడకు, చివరికి అదీ 100కే దిగుతుంది."

"మరి 'అటూ ఇటూగా' అన్నారెందుకు?"

"మధ్యలో వచ్చే వడ్డీతో ఫండు మళ్లీ బాండ్లు కొంటుంది కదా, అది అప్పటి రేటుకే. పైగా ఫండు తన ఖర్చు కాస్త తీసుకుంటుంది. అంతకుమించి తేడా రాదు. కానీ మధ్యలో డబ్బు అవసరపడి అమ్మావో, ఆనాటి ధరే నీ ప్రాప్తం."

ఆ రోజునుంచి ఫండు విలువ చూడటం మానేశాను. మానేశానంటే, మా ఆవిడ ఎదురుగా మానేశాను.

2025 ఏప్రిల్‌లో దాదాపు 6 లక్షలూ బ్యాంకు ఖాతాలో పడ్డాయి. బావగారి మాట పొల్లుపోలేదు. పొల్లుపోయింది నా లెక్కే. లాభం మీద కట్టాల్సిన పన్ను అందులో వేసుకోలేదు. పైగా కాలేజీవాళ్లు ఈలోగా ఫీజు పెంచేశారు!

బాండు ఇన్ని రూపాయలిస్తానని మాటిస్తుంది గానీ, ఆనాటికి ఆ రూపాయలు దేనికి సరిపోతాయో చెప్పదు కదా. తక్కువైన సొమ్ము బావగారే సర్దారు, గడువు పెట్టకుండా.