పెట్టె కొలత, పార్సిల్ ధర

మైపాడు తీరాన మా ఆపా ఎండు రొయ్యలను శుభ్రపరచి, 400 గ్రాముల పొట్లాలుగా దూరప్రాంతాలకు పంపుతారు. నెలకు 60 పార్సిళ్ళు 200కు పెరగడంతో కొరియర్ సంస్థతో ధర మాట్లాడే పని నాకు అప్పగించారు.

వారి ప్రతినిధి అరకిలోకు కొన్ని రూపాయలు తగ్గిస్తామన్నారు. నాకు మాత్రం పాత బిల్లులపైనే అనుమానం. పార్సిల్ 480 గ్రాములే తూగుతున్నా బిల్లులో కిలోన్నర ఉంది. కారణం పెట్టె. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. ఆ ఫలితం, అసలు బరువు, ఈ రెండింటిలో ఎక్కువైనదానికే రుసుము. మా పెట్టె 25, 20, 15 కొలతలది. 20, 12, 10 కొలతల పెట్టెకు మారగానే లెక్క 0.48 కిలోకు దిగి, మూడు అరకిలోల రుసుము ఒకటైంది. అయితే అట్ట ఉబ్బి ప్రతి కొలతా ఒక్క సెంటీమీటరు పెరిగినా 0.6 అవుతుంది, అప్పుడు కిలో ధర తప్పదు. అందుకే కొలతపై వివాదం వస్తే ఛాయాచిత్రం చూపాలన్న షరతు వ్రాయించాను.

నెలకు 200 తప్పక పంపుతామని హామీ ఇమ్మన్నారు. అది కుదరదన్నాను. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవల వేటకు నిషేధం. ఈశాన్య ఋతుపవనాల వేళ ఎండబెట్టడమే కష్టం. ఏ నెల సంఖ్యకు ఆ నెల ధర అన్నదానికి చివరకు ఒప్పుకున్నారు. కొనుగోలుదారు తిరస్కరించిన పార్సిల్‌కు తిరుగు రుసుము తగ్గించడానికి మాత్రం ససేమిరా అన్నారు. ఆపా ఇప్పుడు ముందుగా సొమ్ము చెల్లించినవారికే పంపుతున్నారు.