మామ రోడ్డు బిల్లు కోసం మేము రాసిన అర్జీ

మన ఊళ్ళలో చిన్న కాంట్రాక్టు చేసేవాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు. బిల్లు ఆగితే అర్జీ రాయించుకోవడానికి హాస్టల్లో ఉన్న మన దగ్గరికే వస్తారు. అందుకే ఇది పెడుతున్నాం.

మా మామ మా గూడేనికి 400 మీటర్ల సీసీ రోడ్డు వేశాడు. వెడల్పు 3 మీటర్లు, మందం 15 సెంటీమీటర్లు, అంటే మొత్తం 180 ఘనపు మీటర్ల కాంక్రీటు. మొదటి 250 మీటర్లకి బిల్లు వచ్చింది. మిగతా 150 మీటర్లకి ఏడాది దాటినా రాలేదు. సిమెంటు షాపు బాకీ అలాగే ఉంది, అత్త గొలుసు తాకట్టులో ఉంది.

పాత అర్జీలు చూశాం. అన్నిటిలో "పేదవాడిని, దయచేసి ఇప్పించండి" అనే ఉంది. బిల్లు ఎక్కడ ఆగిందో ఒక్కదాంట్లోనూ లేదు. ఏఈ గారు కొలిచి ఎం బుక్కులో రాయాలి, డీఈ గారు చెక్ చేయాలి, ఈఈ గారు పాస్ చేయాలి, తర్వాతే డబ్బు. మామతో వెళ్ళి అడిగితే కొలతలు రాశారు, చెక్ కూడా అయిందన్నారు. ఆగింది గడువు దగ్గర. అగ్రిమెంటు 90 రోజులు, పని అయింది 128 రోజులకి. ఆ 38 రోజులకి గడువు పొడిగింపు మంజూరు కాలేదు. అది కాకుండా ఫైనల్ బిల్లు కదలదట.

"వానలో కాంక్రీటు ఎలా పోస్తార్రా?" అన్నాడు మామ. ఆ మాటకి రుజువు సైట్ ఆర్డర్ బుక్కులోనే దొరికింది. వానలు తగ్గేదాకా కాంక్రీటు వేయొద్దని ఏఈ గారే సంతకంతో రాశారు.

అందుకని అర్జీ ఒక్క పేజీలో ఇలా రాశాం:

"అగ్రిమెంటు నంబరు, తేదీ పైన ఇచ్చాను. మిగిలిన 150 మీటర్ల పని, 67.5 ఘనపు మీటర్లు, ఎం బుక్కులో నమోదై చెక్ అయింది. 38 రోజుల ఆలస్యం తమ శాఖ ఆదేశం వల్ల జరిగింది, ఆ పేజీ నకలు జతచేశాను. జరిమానా లేకుండా గడువు పొడిగించి, ఫైనల్ బిల్లు పాస్ చేయగలరు. ఇంకా ఏదైనా కాగితం కావాలంటే, నాకు ఎంత రావాలో కూడా చూపిస్తూ రాతపూర్వకంగా తెలుపగలరు."

డిపాజిట్ సంగతి ఇందులో కలపలేదు. అది రోడ్డు నిర్వహణ గడువు అయ్యాక అడిగేది, కలిపితే మొత్తం పక్కన పెట్టేస్తారు.

చివరి వాక్యం ఊరికే పెట్టలేదు. చేసిన పని డబ్బుకి కోర్టుకెళ్ళాలంటే మామూలుగా 3 ఏళ్ళే గడువు. మనం ఎన్ని అర్జీలు ఇచ్చినా అది ఆగదు. ఆ లోపల బాకీ ఉందని ఆఫీసు సంతకంతో రాసిస్తే, ఆ తేదీ నుంచి లెక్క మళ్ళీ మొదలవుతుంది.

అర్జీ రెండు కాపీలు తీసి, ఒకదాని మీద ఇన్‌వర్డు నంబరు, ముద్ర వేయించుకున్నాం. నిధులే రాకపోతే ఈ అర్జీతో డబ్బు రాదు, ఆ మాట మామకీ చెప్పాం. పొడిగింపు ఫైలు మాత్రం పైకి వెళ్ళిందట. జవాబు ఇంకా రాలేదు. మామ ఆ ముద్ర కాపీని రేషన్ కార్డుతో పాటు ట్రంకు పెట్టెలో దాచాడు.